ముందు ఫీజు, తర్వాతే రికార్డింగ్

ఈమధ్య ఫోన్ తెరిస్తే ఒకటే మాట వినిపిస్తోంది. మీకు వచ్చిన పనిని ఒక్కసారి వీడియోలుగా తీసి పెట్టండి, ఆ తర్వాత మీరు నిద్రపోతున్నా డబ్బులు వస్తూనే ఉంటాయి అని. చెప్పేవాళ్లలో చాలామంది కోర్సు ఎలా తయారుచేయాలో నేర్పే కోర్సు అమ్మేవాళ్లే. వాళ్లు చెప్పే వరస ఎప్పుడూ మారదు: మైకు కొనండి, లైట్లు కొనండి, రికార్డు చేయండి, ఎక్కించండి, అమ్మండి. ఈ వరస తలకిందులుగా ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ముందు అమ్మాలి. డబ్బు కట్టినవాళ్లకి ఒక విడత నేరుగా పాఠం చెప్పాలి. కెమెరా సంగతి ఆ తర్వాత చూసుకోవాలి.

హైదరాబాద్‌లో అమీర్‌పేట తిరిగినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. అక్కడ ఏ ఇన్‌స్టిట్యూట్ అయినా ముందు ఫ్రీ డెమో క్లాసు పెడుతుంది. డెమో అయ్యాక ఎంతమంది ఫీజు కట్టారో చూసుకుని బ్యాచ్ మొదలుపెడుతుంది. డెమోకి హాలు నిండినంత మాత్రాన ఎవరూ సంబరపడరు, కౌంటర్ దగ్గర ఎంతమంది ఆగారన్నదే లెక్క. రికార్డెడ్ కోర్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇదే ఊళ్లో ఇదే జనం ఆ పద్ధతిని పక్కనపెట్టి, ముందు నలభై వీడియోలు తీసి ఆ తర్వాత కొనేవాళ్లని వెతుకుతున్నారు.

ఇదంతా రాయడానికి కారణం మా వదిన. కూకట్‌పల్లిలో ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. పెళ్లిళ్ల సీజన్లో ఆర్డర్లు తీసుకోలేక వెనక్కి పంపుతుంది. ఇంటికి వచ్చి నేర్చుకునేవాళ్లు కొందరు ఎప్పుడూ ఉంటారు. "మగ్గం వర్క్ మొదటినుంచి చివరిదాకా" అని ఒక ఆన్‌లైన్ కోర్సు పెడదామనుకుంది. తన వాట్సాప్ గ్రూపులో అడిగితే డెబ్బైమందికి పైగా బొటనవేలు గుర్తు పెట్టారు. ఆ సంతోషంలో నాకు ఫోన్ చేసి, ఏ కెమెరా కొనాలని అడిగింది.

"వదినా, కెమెరా తర్వాత. వీళ్లలో డబ్బు కట్టేదెవరో ముందు చూద్దాం" అన్నాను.

ఉచితంగా దొరికేది ఎక్కడ ఆగిపోతుంది

డిమాండ్ చూడాలంటే గూగుల్ ట్రెండ్స్ చూడమంటారు చాలామంది. అది చూపించేది సున్నా నుంచి వంద వరకు ఒక పోలిక మాత్రమే, ఎంతమంది వెతికారన్న సంఖ్య కాదు. పైగా తెలుగులో ఇంత చిన్న విషయానికి, ఒక్క తెలంగాణ వరకే చూస్తే, ఆ గీతని నమ్మి ఏదీ తేల్చలేం. మాకు పనికొచ్చింది యూట్యూబ్ కామెంట్లు.

మగ్గం వర్క్ కుట్లు తెలుగులో యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి. చైన్ స్టిచ్, లోడింగ్, జర్దోసి, ముడి కుట్లు, కుందన్ అతికించడం, అన్నీ ఉచితమే, కొన్ని చాలా బాగున్నాయి కూడా. ఇవే మళ్లీ తీసి డబ్బులకి అమ్మితే ఎవరు కొంటారు? అందుకని వీడియోలు వదిలేసి వాటి కింద జనం ఏమడుగుతున్నారో చదివాం. రెండు రకాల ప్రశ్నలు పదే పదే కనిపించాయి. "అక్కా, ఈ డిజైన్‌కి ఎంత తీసుకోవాలి?" అన్నది ఒకటి. "నేను వేసిన డిజైన్ కుట్టాక మెడ దగ్గర లోపలికి పోయింది, ఎందుకు?" అన్నది రెండోది. ఈ రెండింటికీ కింద ఎవరూ సరైన జవాబు ఇవ్వలేదు.

ఆ రెండో ప్రశ్న వెనక చాలా పని ఉంది. మగ్గం వర్క్ గుడ్డని కత్తిరించకముందే చేస్తారు. అంటే కస్టమర్ కొలతలతో బ్లౌజు డ్రాఫ్టు ముందు గుడ్డ మీద గీయాలి, కుట్టు గీత ఎక్కడ వస్తుందో గుర్తుపెట్టాలి, మెడ అంచుకి పైపింగ్ వస్తుందా మడత వస్తుందా తెలిసి అంత చోటు వదలాలి, ఆ గీత నుంచి డిజైన్ మొదలవ్వాలి. లోడింగ్ ఎక్కువగా ఉంటే గుడ్డ కాస్త లోపలికి లాగుకుంటుంది, దానికి వేరే మార్జిన్ ఉంచాలి. కొన్న ట్రేసింగ్ పేపరు ఒక సైజుకి గీసి ఉంటుంది. 34 సైజుకి చక్కగా కూర్చున్న డిజైన్ 42 సైజు దగ్గర భుజం చేరకముందే అయిపోతుంది. యూట్యూబ్ వీడియోలో ఫ్రేముకి బిగించిన గుడ్డ మీద నెమలి ఎలా కుట్టాలో చూపిస్తారు, ఆ నెమలి ఫలానా మనిషి వీపు మీద ఎక్కడ కూర్చోవాలో చెప్పరు.

కుట్లు వచ్చి, ఇరుగుపొరుగు ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టి, అక్కడ చిక్కుకుపోయినవాళ్లే కొనేవాళ్లని అర్థమైంది. మొదటినుంచి చివరిదాకా అన్న ఆలోచన అక్కడితో వదిలేశాం. కోర్సు పేరు ఇలా పెట్టాం: కస్టమర్ కొలతలకి డిజైన్ వేయడం, ఆ పనికి రేటు చెప్పడం. కుట్లు నేర్పం అని మొదటి లైన్లోనే రాశాం. అలా రాస్తే చాలామంది పోతారని వదిన భయపడింది. నిజమే, పోయారు. కానీ కుట్లే రానివాళ్లు ఈ కోర్సు కొంటే వాళ్లకి ఉపయోగపడదు, డబ్బు వెనక్కి అడుగుతారు.

డబ్బు అడిగిన రోజు

ఒక పేజీ రాశాం. ఎవరికోసం, అయ్యాక ఏం చేయగలరు, ఏం నేర్పం, నాలుగు ఆదివారాలు జూమ్‌లో నేరుగా క్లాసు, ఆ తర్వాత తీసే రికార్డింగులు వీళ్లకి ఉచితం, ఫీజు 999 రూపాయలు. ఫలానా తేదీకల్లా పదిమంది చేరకపోతే మొత్తం డబ్బు తిరిగి ఇస్తామని స్పష్టంగా రాసి, పేమెంట్ లింక్ పెట్టాం.

తయారుకాని వస్తువుకి డబ్బు తీసుకోవడం తప్పు కదా అని నాకే ఒక సందేహం ఉండేది. తప్పే అవుతుంది, అది తయారుకాలేదన్న సంగతి దాస్తే. వీడియోలు ఇంకా లేవు, ముందు నేరుగా క్లాసులు ఉంటాయి, మొదలుకాకపోతే డబ్బు వెనక్కి వస్తుంది అని కట్టే ముందే మనిషికి తెలిస్తే అందులో మోసం లేదు. ఆ డబ్బుని ఖర్చు చేయకుండా తేదీ దాకా పక్కన పెట్టడం మాత్రం మన బాధ్యత.

బొటనవేలు గుర్తు పెట్టిన డెబ్బైమంది ఉన్న గ్రూపుకీ, వదిన పాత స్టూడెంట్లకీ, ఆమె చిన్న యూట్యూబ్ ఛానెల్ చూసేవాళ్లకీ లింక్ వెళ్లింది. కట్టినవాళ్లు పద్నాలుగుమంది. అందులో ఐదుగురు బంధువులూ, పాత స్టూడెంట్లూ. వాళ్లు వదిన ముఖం చూసి కట్టి ఉండొచ్చు, కాబట్టి వాళ్లని లెక్కలోంచి తీసేశాం. మిగిలిన తొమ్మిదిమంది ఎప్పుడూ కలవనివాళ్లు. నా దృష్టిలో డిమాండ్ అంటే ఆ తొమ్మిదే. తొమ్మిది చిన్న సంఖ్యే, దాంతో పెద్ద జోస్యాలు చెప్పలేం. కానీ ముఖపరిచయం లేనివాళ్లు తొమ్మిదిమంది, కంటికి కనపడని క్లాసుకి వెయ్యి రూపాయలు పంపారంటే వాళ్ల ఇబ్బంది నిజమైనదని తెలుస్తుంది.

అంతకన్నా ఎక్కువ నేర్పింది కట్టనివాళ్లు. వదిన వాళ్లలో కొందరికి ఫోన్ చేసింది. ఎందుకు చేరలేదని నిలదీయకుండా, ఇప్పుడు ఆర్డర్లు ఎలా చేస్తున్నారని అడిగింది. ఒకావిడ తనకి డ్రాఫ్టింగ్ వచ్చు, రేటు చెప్పడం ఒక్కటే కావాలంది. ఇంకొకరు సర్టిఫికెట్ ఇస్తారా, లోనుకి పెట్టుకుంటానని అడిగారు. ఒకమ్మాయి, "ఫోన్ మా ఆయనతో ఆఫీసుకి వెళ్తుంది మేడమ్, రాత్రి పదకొండుకి గానీ నా చేతికి రాదు" అంది. ఆ ఒక్క మాటతో, నేరుగా క్లాసు చాలదు, రికార్డింగ్ ఎందుకు కావాలో మాకు తెలిసింది.

పద్నాలుగుమంది ముందు చెప్పిన పాఠం

నేరుగా చెప్పకుండా సూటిగా రికార్డు చేసి ఉంటే ఏం పోయేదని మా అన్నయ్య అడిగాడు. ఆయన వాదనలో బలం ఉంది. ఉద్యోగం చేసుకుంటూ పక్కన కోర్సు చేసేవాళ్లకి వరసగా ఆదివారాలు కేటాయించడం కష్టం. అలాంటివాళ్లు కనీసం ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి ఒక్క పాఠమైనా చెప్పి చూడాలంటాను. ఎందుకంటే టీచరుకి సులువనిపించేది ఎక్కడ అర్థం కాదో టీచరుకి తెలియదు.

వదిన క్లాసులో డీప్ బ్యాక్ నెక్ దగ్గర దాదాపు అందరూ ఆగిపోయారు. మెడ లోతు పెరిగేకొద్దీ డిజైన్ కింది భాగం వెడల్పవుతుంది, రెండు వైపులా సమానంగా రావాలంటే గుడ్డని మధ్యకి మడిచి సగమే ట్రేస్ చేసి తిప్పాలి. వదిన దాన్ని రెండు వాక్యాల్లో చెప్పి ముందుకి వెళ్లిపోయింది. తర్వాతి ఆదివారం హోంవర్క్ ఫొటోలు చూస్తే సగంమందికి కుడి ఎడమలు కలవలేదు. ఆ రెండు వాక్యాలే రికార్డింగ్‌లో మూడు విడి వీడియోలయ్యాయి. మరోవైపు, ట్రేసింగ్ పేపరుకి సూదితో రంధ్రాలు వేసి కిరోసిన్‌లో కలిపిన జింక్ పౌడర్ రుద్దడం గురించి ఆమె అరగంట పాఠం సిద్ధం చేసుకుంటే, అది అందరికీ ముందే వచ్చు. ఆ వీడియో తీయనే లేదు.

కెమెరా సంగతి కూడా అక్కడే తేలింది. ఎదురుగా ఫోన్ పెడితే చూసేవాళ్లకి చెయ్యి తలకిందులుగా కనిపిస్తుంది. నెత్తిమీదుగా స్టాండు పెట్టి, టీచరు కళ్లకి కనిపించినట్టే చూపించాలి. ఆరీ సూది పనిలో దారం పట్టుకునే చెయ్యి గుడ్డ కింద ఉంటుంది, స్టూడెంట్లకి కనిపించని చెయ్యి అదే. డిజైన్ చుట్టూ దారం ఎంత బిగువుగా లాగాలో చూపించాల్సిన రెండు మూడు చోట్ల ఫ్రేము కింద ఇంకో ఫోన్ పెట్టాం. జరీ మీద లైటు సూటిగా పడితే తెల్లగా మెరిసి కుట్టు కనపడదు, పక్కనుంచి పడాలి. ఫోన్ కెమెరాలో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయకపోతే చెయ్యి కదిలినప్పుడల్లా వెలుతురు మారిపోతుంది. ఇంతకుమించి సామాను అవసరం రాలేదు. మంచి కాలర్ మైకు మాత్రం కొన్నాం. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే ఆపేస్తారు.

రేటు దగ్గర జరిగిన వాదన

రేటు విషయంలో ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. 499 పెడితే ఎక్కువమంది కొంటారని అన్నయ్య, 1,499 అని నేను. ఊరికే అనుకోవడం ఎందుకని లెక్క వేశాం.

మైకు, స్టాండు, లైట్లకి ఆరు వేలు, ఎడిటింగ్‌కి పన్నెండు వేలు. అందరూ మర్చిపోయే ఖర్చు ఇంకొకటుంది: రికార్డింగ్ జరిగే వారాల్లో వదిన వదులుకునే ఆర్డర్లు, అది సుమారు నలభై వేలు. మొత్తం 58 వేలు. మన వెబ్ పేజీలో పేమెంట్ గేట్‌వే ద్వారా అమ్మితే మామూలుగా రెండు శాతం ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే అమ్మకం ధరలో 2.36 శాతం పోతుంది. 1,499లో చేతికి వచ్చేది 1,463 చిల్లర, పెట్టుబడి రావడానికి నలభైమంది చాలు. 499లో వచ్చేది 487, దానికి 120 మంది కావాలి.

మూడు రెట్లు మంది రావచ్చు కదా అంటే, రావచ్చు. కానీ ఆ మూడు రెట్ల మందీ డౌట్లు అడుగుతారు. నాలుగు ఆదివారాల్లో వదిన దగ్గర గమనించింది ఇదే: ఒక్కో మనిషి హోంవర్క్ ఫొటో చూసి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి సరిదిద్దడానికి మొత్తం మీద కనీసం గంట పడుతోంది. 120 మంది అంటే 120 గంటలు, అదీ పెట్టుబడి మాత్రమే వచ్చే చోట. వీడియో చూడటానికి టీచరు సమయం ఖర్చు కాదు గానీ, ఈ కోర్సు విలువలో సగం ఆ దిద్దుబాటే. రేటు కట్టాల్సింది దానికి. దిద్దుబాటు లేకుండా వీడియోలు మాత్రమే ఇస్తే 499 న్యాయమైన ధరే, కాకపోతే అది వేరే వస్తువు.

అన్నయ్య అడిగినదాంట్లో నన్ను కుదిపేసిన మాట ఒకటుంది. "బ్లౌజుకి వెయ్యి, రెండు వేలు సంపాదించుకునే ఆడవాళ్ల దగ్గర పదిహేను వందలు తీసుకుంటారా?" అన్నాడు. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. మేం చేసింది చెప్తాను. రేటు ఎలా కట్టాలన్న భాగంలో మొదటి వీడియోని వదిన యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టింది. మెటీరియల్ ఎంతయింది, ఎన్ని గంటలు పట్టింది, గంటకి ఎంత కావాలి అని రాసుకునే చిన్న పట్టిక అది. ఒక్కో విడతలో రెండు సీట్లు, అడిగినవాళ్లకి కారణం అడగకుండా, సగం ధరకి ఇస్తోంది. ఒక్క ఆర్డరులో రేటు తక్కువ చెప్పి పోగొట్టుకునేదాన్ని ఈ కోర్సు ఆపగలిగితే ఆ డబ్బు తిరిగి వస్తుందన్నది నా నమ్మకం. ఆపలేకపోతే వెనక్కి ఇవ్వాలి.

డిస్కౌంట్ల విషయంలో మాత్రం సందేహం లేదు. 9,999 కొట్టేసి 1,499 అని రాసి, పక్కన గంటలు తగ్గుతున్న గడియారం పెట్టమని ఒక సలహా వచ్చింది. ఎప్పుడూ 9,999కి అమ్మనిదాన్ని అలా రాయడం అబద్ధం. పేజీ తెరిచిన ప్రతిసారీ మళ్లీ మొదలయ్యే గడియారాన్ని కేంద్రం 2023లో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు తప్పుడు తొందర కింద లెక్కిస్తాయి. చట్టం లేకపోయినా, రేటు నిజాయితీగా చెప్పడం నేర్పే కోర్సుకి అది తగదు.

జీఎస్టీ గురించి రెండు మాటలు. సేవలకి తెలంగాణలో ఏడాది మొత్తం టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, అందులో కోర్సు ఒక్కటే కాదు, వదిన కుట్టుపని ఆదాయం కూడా కలుస్తుంది. దాటాక ఇలాంటి కోర్సుకి 18 శాతం. అప్పుడు ధర 1,499 దగ్గరే ఉంచి పన్ను అందులోంచే కడితే, గేట్‌వే ఛార్జీ తీయకముందే మిగిలేది 1,270. ఆ గీతకి దగ్గరపడుతున్నవాళ్లు సీఏని ముందే కలవడం మంచిది.

ఎక్కడ పెట్టాలి

ఆన్‌లైన్ కోర్సులు అమ్మే ఉడెమీ సైటులో పెట్టమన్నారు చాలామంది. అక్కడ టీచరు తన కూపన్‌తో తెచ్చుకున్న అమ్మకంలో 97 శాతం టీచరుదే. ఉడెమీ తానే తెచ్చిన కొనుగోలుదారైతే 37 శాతం. వాళ్ల సేల్‌లో 499కి అమ్ముడైతే టీచరుకి సుమారు 185 రూపాయలు. ప్రోగ్రామింగ్ లాంటి విషయం ఇంగ్లీషులో చెప్పేవాళ్లకి ఆ సంత జనం విలువైనవాళ్లే. తెలుగులో మగ్గం వర్క్ నేర్చుకునేవాళ్లు అక్కడ వెతకరు, వాట్సాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ ఉంటారు. మన జనాన్ని మనమే తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు ఇంకొకరి దుకాణంలో కూర్చోవడం ఎందుకు?

యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకులు పంపడం ఖర్చులేని దారి. ఆ లింక్ ఎవరి దగ్గరుంటే వాళ్లు చూడొచ్చు, అంతే దాని భద్రత. మొదటి పద్నాలుగుమందికి అదే వాడాం, అంత చిన్న గుంపుకి సరిపోయింది. బయటివాళ్లకి అమ్మకం మొదలయ్యాక ఫోన్ నంబరు, ఓటీపీతో లాగిన్ ఉండే ఒక కోర్సు ప్లాట్‌ఫామ్‌కి మారాం. ఎంచుకునేటప్పుడు మూడు చూశాం. స్టూడెంట్ల పేర్లు, నంబర్ల జాబితా ఎప్పుడైనా దించుకోగలమా. యాప్‌లో వీడియో డౌన్‌లోడ్ చేసి నెట్ లేకుండా చూడొచ్చా. వీడియో మీద చూసేవాళ్ల ఫోన్ నంబరు కదులుతూ కనిపిస్తుందా.

ఆ మూడోది దొంగతనాన్ని ఆపడం కోసం. వీడియోలు టెలిగ్రామ్‌లో పడతాయన్న భయం అందరికీ ఉంది. వీడియో కాపీ కాకుండా అడ్డుకునే డీఆర్ఎమ్ లాక్ ఉంటే ఫోన్లో స్క్రీన్ రికార్డింగ్‌ని చాలావరకు ఆపొచ్చు, కానీ ఇంకో ఫోన్‌తో తెరని వీడియో తీసేవాళ్లని ఏదీ ఆపలేదు. తన నంబరు వీడియో మీద తిరుగుతుంటే చాలామంది పంచడానికి జంకుతారు. అంతకుమించి దానికోసం డబ్బు పోయడం దండగని నా అభిప్రాయం, ఎందుకంటే దొంగిలించినవాడికి దిద్దుబాటు దొరకదు.

మా పరీక్షల్లో ఎక్కువ పనికొచ్చింది ఇంట్లో ఉన్న పాత, తక్కువ ధర ఫోన్. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు ప్లేయర్ దానంతటదే 360పీకి దిగిపోతుంది. ఆ నాణ్యతలో సూది మొన కనిపిస్తోందా అని ప్రతి వీడియో చూశాం. కనపడనివాటిని కెమెరా దగ్గరికి జరిపి, కాంట్రాస్ట్ ఉన్న దారంతో మళ్లీ తీశాం. ఎర్ర గుడ్డ మీద మెరూన్ దారంతో చేసిన పాఠం పూర్తిగా పోయింది.

అసలు ఫైళ్లన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి, ప్లాట్‌ఫామ్ రేపు మూసేసినా వేరేచోట ఎక్కించుకోవచ్చు. రేట్ల వీడియోలని మాత్రం మిగతా పాఠాలతో కలపకుండా, ధరలు ఎక్కడా నోటితో చెప్పకుండా తీశాం. బేగంబజార్‌లో జరీ, పూసల ధరలు మారుతూనే ఉంటాయి. ఆ ధరలు విడిగా ఒక షీటులో ఉన్నాయి, వదిన సరుకుకి వెళ్లొచ్చినప్పుడు దాన్ని మార్చేస్తే సరిపోతుంది.